ధరలు పెరిగేటప్పుడు సరుకుకి ఏ లెక్క కట్టాలి: ఫిఫోనా, సగటా, లిఫోనా?

నేను లెక్కలు రాసే దుకాణాల్లో నూనెల హోల్‌సేల్ కొట్టు ఒకటి ఉంది. 2024 దీపావళి వెళ్లాక రెండు నెలల లాభనష్టాల పట్టీ తీసి షావుకారు గారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆఖరి అంకె చూసి, "లక్షా అరవై వేలు లాభమంటున్నారు, బాగానే ఉంది. మరి గల్లాపెట్టెలో ఏదండీ ఆ డబ్బు?" అన్నారు. దొంగతనం ఏమీ జరగలేదు, బాకీలు కూడా పెద్దగా లేవు. ఆ లాభంలో ఎక్కువ భాగం గోడౌన్‌లో టిన్నుల రూపంలో కూర్చుని ఉంది. అమ్మగా మిగిలిన సరుకుకి, అంటే క్లోజింగ్ స్టాక్‌కి, ఏ పద్ధతిలో విలువ కట్టాలన్న ప్రశ్న ఆ రోజు మొదలైంది.

ఆ సీజన్‌లో నూనె ధర ఎందుకు పెరిగిందో గుర్తుండే ఉంటుంది. 2024 సెప్టెంబర్ 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద సున్నాగా ఉన్న బేసిక్ కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం చేసింది. రిఫైన్డ్ నూనెల మీద 12.5 శాతం ఉన్నది 32.5 శాతం అయింది. సెస్సులు కలుపుకుంటే ముడి నూనె మీద పడే భారం 5.5 నుంచి 27.5 శాతానికి ఎగబాకింది. పాత సుంకంతో దిగిన సరుకు అయిపోయేదాకా ధరలు పెంచొద్దని ప్రభుత్వం నూనె కంపెనీల సంఘాలకు చెప్పింది కూడా. అంటే పాత సరుకు పాత ఖరీదుకే, ముందొచ్చింది ముందే పోవాలన్న లెక్క. అకౌంట్స్‌లో ఫిఫో అంటే ఇదే.

షావుకారు గారి లెక్కనే తీసుకుందాం. అంకెలు మాత్రం సులువుగా ఉండేలా గుండ్రం చేస్తున్నాను. సెప్టెంబర్ 1న గోడౌన్‌లో 200 టిన్నులు, ఒక్కోటి 1,500 రూపాయలకు కొన్నవి. సెప్టెంబర్ 20న 300 టిన్నులు 1,800 చొప్పున దిగాయి. అక్టోబర్ 10న ఇంకో 300 టిన్నులు, ఈసారి 2,000 చొప్పున. మొత్తం 800 టిన్నులు, ఖరీదు 14,40,000. రెండు నెలల్లో 500 టిన్నులు అమ్మితే 10,00,000 వచ్చింది. 300 టిన్నులు మిగిలాయి.

ఇక్కడిదాకా తేడా ఏమీ లేదు. ఎన్ని కొన్నాం, ఎంతకు కొన్నాం, ఎంతకు అమ్మాం అన్నవి ఏ పద్ధతిలోనైనా ఒకటే. ఆ 14,40,000లో అమ్ముడైన 500 టిన్నుల వాటా ఎంత, మిగిలిన 300 టిన్నుల వాటా ఎంత అన్న పంపకం దగ్గరే మూడు పద్ధతులూ విడిపోతాయి.

ఫిఫోలో ముందొచ్చిన సరుకు ముందు అమ్ముడైనట్టు. 1,500 టిన్నులు 200, 1,800 టిన్నులు 300 పోయాయి, మిగిలినవన్నీ 2,000వి. సగటు పద్ధతిలో 14,40,000ని 800తో భాగిస్తే టిన్ను 1,800. అమ్మినదానికీ మిగిలినదానికీ అదే రేటు. లిఫోలో చివర వచ్చింది ముందు పోయినట్టు. 2,000వి 300, 1,800వి 200 పోయాయి; మిగిలినవి 1,800వి 100, 1,500వి 200.

| పద్ధతి | అమ్మిన సరుకు ఖరీదు | క్లోజింగ్ స్టాక్ | గ్రాస్ లాభం |
|---|---|---|---|
| ఫిఫో | 8,40,000 | 6,00,000 | 1,60,000 |
| సగటు | 9,00,000 | 5,40,000 | 1,00,000 |
| లిఫో | 9,60,000 | 4,80,000 | 40,000 |

కొట్టు అదే, టిన్నులు అవే. లాభం మాత్రం నలభై వేల నుంచి లక్షా అరవై వేల దాకా తేలింది. ధరలు పెరిగేటప్పుడు ఫిఫో లాభాన్ని ఎక్కువగా, లిఫో తక్కువగా చూపిస్తాయి, సగటు మధ్యలో నిలుస్తుంది. పాఠ్యపుస్తకం చెప్పేది ఇంతే. షావుకారు గారికి కావాల్సింది మాత్రం దీని తర్వాతి సంగతి.

ఆయన గల్లాలో డబ్బెందుకు లేదో చూడండి. అమ్మకాల మీద 10,00,000 వచ్చింది. రెండు లోడ్లకు 11,40,000 కట్టారు. అంటే చేతిలోంచి 1,40,000 అదనంగా పోయింది. అయినా ఫిఫో పుస్తకం 1,60,000 లాభం చూపించింది. మధ్యలో ఉన్న 3,00,000 తేడా స్టాక్‌లో ఉంది: మొదట 3,00,000గా ఉన్న స్టాక్ 6,00,000 అయింది. ఇందులో రెండు లక్షలు నిజంగానే కొత్త సరుకు, అదనంగా చేరిన 100 టిన్నులు 2,000 చొప్పున. మిగిలిన లక్ష మాత్రం కొత్త సరుకు కాదు. కొట్టు నడవాలంటే ఎప్పుడూ గోడౌన్‌లో ఉండాల్సిన 200 టిన్నులే అవి, ముందు 1,500గా ఉన్నవి ఇప్పుడు 2,000గా కనిపిస్తున్నాయి. ఆ లక్షని ఇంటికి తీసుకెళ్తే గోడౌన్ ఖాళీ అవుతుంది.

కాబట్టి 1,60,000లో షావుకారు గారు నిశ్చింతగా వాడుకోగలిగింది 60,000. అది కూడా ఆ అదనపు 100 టిన్నులు అమ్ముడయ్యాకే. "అంటే లాభం మీద లాభం వచ్చినట్టు కనపడింది గానీ, అందులో సగానికి పైగా ధర పెరిగిందన్న సంగతే తప్ప ఇంకేం లేదన్నమాట" అన్నారాయన. అంతకన్నా బాగా నేను చెప్పలేను. లిఫో చూపించిన 40,000 ఈ 60,000కి మిగతావాటికన్నా దగ్గరగా ఉంది. లిఫోని ఇష్టపడేవాళ్లు చెప్పే కారణం ఇదే: ఇవాళ్టి అమ్మకానికి ఇవాళ్టి ఖరీదుని జత చేస్తుంది. కానీ బ్యాలెన్స్ షీట్ వైపు చూస్తే ఇబ్బంది తెలుస్తుంది. టిన్ను 2,000 పలుకుతున్న రోజున 200 టిన్నుల్ని 1,500కే చూపిస్తుంది, ఏళ్లు గడిచినా అలాగే చూపిస్తూ ఉంటుంది.

చాలామందికి ఉండే అనుమానం ఒకటి ఇక్కడే తీర్చేస్తాను. గోడౌన్‌లో కుర్రాళ్లు నిజంగా ఏ టిన్ను ముందు తీస్తారన్నదానికీ, పుస్తకంలో ఏ ఖరీదు ముందు రాస్తామన్నదానికీ ముడి ఉండి తీరాలని లేదు. ఇసుక కుప్పలో పైన పోసింది ముందు పోతుంది, అయినా దానికి సగటు కట్టొచ్చు. నూనె టిన్ను మీద గడువు తేదీ ఉంటుంది కాబట్టి పాతది ముందు పంపాలి. అది గోడౌన్ క్రమశిక్షణ, పుస్తకం పద్ధతి దాన్నిబట్టే ఉండాలన్న రూలు లేదు.

లిఫో గురించి ఎక్కువ ఆలోచించే పని మనకి లేదు. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వారి సరుకు లెక్కల ప్రమాణం ఏఎస్-2 గానీ, పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్-2 గానీ ఒకేలా ఉండే సరుకుకి ఫిఫో, వెయిటెడ్ యావరేజ్ అనే సగటు, ఈ రెంటినే ఒప్పుకుంటాయి. ఆదాయపు పన్ను వైపు సరుకు విలువకి ఉన్న ప్రమాణం ఐసీడీఎస్-2 కూడా లిఫోకి చోటు ఇవ్వలేదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్-2 నుంచి 2003 సవరణలో దాన్ని తీసేశారు, 2005 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో `LIFO Annual`, `LIFO Perpetual` అని రెండు ఎంపికలు కనిపిస్తాయి. కనిపిస్తున్నాయి కదా అని ఒకాయన పన్ను తగ్గుతుందని పెట్టేసుకున్నారు. ఆడిట్‌లో మొత్తం స్టాక్ మళ్లీ లెక్కకట్టాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో బటన్ ఉండటం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు.

అమెరికాలో వ్యాపారం చేసుకునే మనవాళ్లు ఉంటే వాళ్ల సంగతి వేరు. అక్కడ 1939 పన్ను చట్టం నుంచి లిఫోకి విస్తృతంగా అనుమతి ఉంది. కాకపోతే ఒక షరతు: పన్ను లెక్కలో లిఫో వాడితే బ్యాంకుకీ వాటాదారులకీ ఇచ్చే లెక్కల్లో కూడా అదే వాడాలి. పన్నువాళ్లకు తక్కువ లాభం, బ్యాంకుకి ఎక్కువ లాభం చూపించే వీలు లేదు. ఎక్సాన్‌మొబిల్ లాంటి కంపెనీల వార్షిక నివేదికలో స్టాక్ నోట్ తీస్తే, లిఫో విలువ కన్నా ఇవాళ్టి ఖరీదు ఎంత ఎక్కువో విడిగా రాసి ఉంటుంది. మన 1,500 టిన్నుల కథే, కాకపోతే చాలా పెద్ద స్థాయిలో. లిఫోకి ఉన్న అసలు ప్రమాదం స్టాక్ తరిగినప్పుడు బయటపడుతుంది. సరుకు దొరక్క ఆ 200 పాత టిన్నులు కూడా అమ్మేశారనుకోండి, 2,000 ఖరీదు చేసే టిన్నుకి పుస్తకంలో 1,500 మాత్రమే ఖర్చు పడుతుంది. ఇన్నాళ్లూ దాచిన లక్ష ఒక్కసారి లాభంగా పైకి తేలి, పన్ను కూడా ఆ ఏడే పడుతుంది.

ఇక మిగిలింది ఫిఫోకీ సగటుకీ మధ్య ఎంపిక. ఇందులో ముందు పన్ను సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. మన ఉదాహరణలో తేడా 60,000. 30 శాతం స్లాబులో ఉన్నవారికి సెస్సు వదిలేస్తే 18,000. సగటు పెట్టుకుంటే ఆ 18,000 ఈ ఏడాదికి మిగులుతుంది. కానీ పూర్తిగా మిగలదు, వాయిదా పడుతుంది. ఈ ఏడాది క్లోజింగ్ స్టాకే వచ్చే ఏడాది ఓపెనింగ్ స్టాక్. ఫిఫోవారు 6,00,000తో మొదలుపెడతారు, సగటువారు 5,40,000తో. ఆ 300 టిన్నులు అమ్ముడయ్యేసరికి సగటువారి లాభం 60,000 ఎక్కువగా తేలుతుంది. ధరలు ఇంకా పెరుగుతూ ఉండి, స్టాక్ కూడా తగ్గకుండా ఉన్నంతకాలం వాయిదా ముందుకి జరుగుతుంది, అంతే. పైగా ఆదాయపు పన్ను చట్టంలోని అంచనా ఆదాయం పద్ధతి కింద టర్నోవర్‌లో 6 శాతమో 8 శాతమో లాభంగా చూపించే చిన్న కొట్లవారికి ఈ చర్చే అక్కర్లేదు. స్టాక్ ఏ విలువకి కట్టినా వాళ్ల పన్ను మారదు.

పన్ను కన్నా ముందు చూడాల్సింది బ్యాంకు. సరుకు పూచీ మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు ఉన్నవారు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తారు. 25 శాతం మార్జిన్ ఉందనుకుంటే, అంటే స్టాక్ విలువలో ఆ మేరకు వదిలేసి మిగతాదానికే అప్పు ఇస్తే, 60,000 ఎక్కువ స్టాక్ చూపిస్తే తీసుకోగలిగే పరిమితి, డ్రాయింగ్ పవర్, 45,000 పెరుగుతుంది. ధరలు పెరిగే కాలంలో లోడుకి కట్టాల్సిన డబ్బు కూడా పెరుగుతుంది కాబట్టి ఆ 45,000 చాలాసార్లు పన్ను ఆదా కన్నా విలువైనది. ఇక్కడ ఫిఫోది పైచేయి. అయితే బ్యాంకుకి ఫిఫో విలువ, పన్ను రిటర్నుకి సగటు విలువ ఇచ్చే తెలివితేటలు వద్దు. ఆ రెండు కాగితాలూ ఒక టేబుల్ మీద కలిసినప్పుడు తేడాని లెక్కల్లో చూపని ఆదాయంగా కలిపేసే ప్రమాదం ఉంది.

మూడోది, ధర పడిపోయినప్పుడు ఏమవుతుంది? 2025 మే 30న ముడి నూనెల మీద ఆ 20 శాతం సుంకాన్ని 10కి తగ్గించారు. ఎక్కిన ధర దిగే రోజు కూడా వస్తుందన్నమాట. క్లోజింగ్ స్టాక్‌ని కొన్న ఖరీదు, అమ్మితే చేతికొచ్చే విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికి కట్టాలి. మార్చి 31 నాటికి టిన్ను 1,850కే అమ్ముడుపోయేట్టు ఉండి, డెలివరీకి, హమాలీకి 50 ఖర్చయితే చేతికొచ్చేది 1,800. ఫిఫోలో 2,000గా ఉన్న 300 టిన్నులు ఒక్కోటి 200 తగ్గాలి, 60,000 నష్టం ఒక్క గీతతో రాయాలి. సగటువారి స్టాక్ అప్పటికే 1,800లో ఉంది, ఏమీ చెయ్యక్కర్లేదు. ఫిఫో ఎక్కేటప్పుడు ఎంత ఎత్తుకి తీసుకెళ్తుందో, దిగేటప్పుడు అంత లోతుకి తోస్తుంది.

సగటు అంటే ఒకటే అనుకోకండి, అందులో రెండు రకాలున్నాయి. నేను పైన వేసింది కాలం మొత్తానికి ఒకేసారి వేసిన సగటు. ప్రతి లోడు దిగినప్పుడల్లా సగటు మార్చుకుంటూ వెళ్తే వేరే అంకె వస్తుంది. మొదటి 200 టిన్నులు సెప్టెంబర్ 20 లోపే అమ్ముడయ్యాయనీ, మిగతా 300 మూడో లోడు వచ్చాక పోయాయనీ అనుకోండి. మొదటి 200కి 1,500 చొప్పున 3,00,000 ఖర్చు. తర్వాత గోడౌన్‌లో ఉన్నవి 1,800వి 300, 2,000వి 300, సగటు 1,900. అందులో 300 పోతే 5,70,000. మొత్తం ఖర్చు 8,70,000, లాభం 1,30,000. అంటే సగటులోనే 30,000 తేడా. ఫిఫోకి ఈ బాధ లేదు, అమ్మకం తేదీలు ఎలా ఉన్నా 1,60,000 మారదు.

మీ సాఫ్ట్‌వేర్ ఏ సగటు వేస్తుందో ఎవర్నీ అడగక్కర్లేదు. ట్యాలీలో ప్రయోగానికని ఉత్తి కంపెనీ ఒకటి తెరిచి ఒక ఐటెం పెట్టండి. దాని `Costing Method` దగ్గర `Avg. Cost` ఉంచండి. 200 టిన్నులు 1,500కి, 200 అమ్మకం, 300 టిన్నులు 1,800కి, 300 టిన్నులు 2,000కి, మళ్లీ 300 అమ్మకం, ఇదే వరసలో తేదీలు వేసి ఎక్కించండి. స్టాక్ సమ్మరీలో 5,40,000 వస్తే కాలమంతటికీ ఒకే సగటు, 5,70,000 వస్తే లోడు లోడుకీ మారే సగటు. పది నిమిషాల పని.

ఫిఫో పెట్టుకున్నవారు తనిఖీ చేసుకోవడం ఇంకా సులువు. కొనుగోలు బిల్లుల ఫైల్ తీసి, అన్నిటికన్నా కొత్త బిల్లు నుంచి వెనక్కి తిప్పుతూ టిన్నులు కూడుతూ పోవాలి. గోడౌన్‌లో ఉన్న లెక్క నిండగానే ఆపేసి ఆ బిల్లుల ఖరీదు కలపాలి. మన ఉదాహరణలో అక్టోబర్ 10 బిల్లు ఒక్కదానితోనే 300 నిండిపోతాయి, 6,00,000. కంప్యూటర్ ఇంకేదైనా చూపిస్తే తేదీలు చూడండి. మా దగ్గర ఒకసారి తేడా వచ్చింది. లారీ దిగిన రోజే సరుకు అమ్మేశారు, బిల్లు మాత్రం నాలుగు రోజుల తర్వాత వస్తే ఆ తేదీతో ఎక్కించారు. దాంతో మధ్యలో నాలుగు రోజులు స్టాక్ మైనస్‌లోకి వెళ్లి, లెక్కలన్నీ చెదిరిపోయాయి. నెలాఖరున మైనస్ స్టాక్ ఉందేమో చూసుకోవడం అప్పటినుంచి మాకు అలవాటైంది.

`Last Purchase Cost` అన్న ఎంపిక జోలికి మాత్రం పోవద్దు. అది ఫిఫోలాగే కనిపిస్తుంది గానీ కాదు. పండక్కి సరుకు చాలక పక్క డీలర్ దగ్గర 20 టిన్నులు 2,300 చొప్పున తెచ్చారనుకోండి. గోడౌన్‌లో 320 టిన్నులుంటే అన్నిటినీ 2,300తో గుణించి 7,36,000 అంటుంది. అసలు ఫిఫో విలువ 6,46,000. తొంభై వేల లాభం గాల్లోంచి పుట్టుకొస్తుంది.

నన్ను అడిగితే, మందుల షాపు, విత్తనాలు, బేబీ ఫుడ్ లాంటివాటికి ఫిఫో సరిపోతుంది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఎలాగూ రాసుకుంటారు, పుస్తకమూ గోడౌనూ ఒకే దారిలో నడుస్తాయి. ట్యాంకులో కలిసిపోయే డీజిల్, ధాన్యం, ఇసుక, కంకర వీటికి సగటు తప్ప వేరే దారి వెతకడం దండగ. నగల కొట్లో ఒక్కో నగకీ ట్యాగు, ఖరీదు విడిగా ఉంటే ఆ నగ ఖరీదు దానికే వేసుకోవచ్చు, ఈ రెంటి అవసరమే లేదు. నూనె కొట్టు మధ్యలో ఉంటుంది, ఏదైనా నడుస్తుంది.

మా షావుకారు గారికి నేను లోడు లోడుకీ మారే సగటు సూచించాను. వారానికో లోడు వస్తుంది, రేటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, క్యాష్ క్రెడిట్ ఆయన అంతగా వాడరు, అన్నిటికన్నా ముఖ్యంగా పుస్తకంలో లాభం కనిపిస్తే వెంటనే తీసేసే అలవాటు ఉంది. పద్ధతి మార్చడం అంత తేలికేం కాదు. సరైన కారణం లేకుండా మార్చకూడదని ఐసీడీఎస్-2లో ఉంది, మార్చిన ఏడాది ఆ మార్పు వల్ల లాభం ఎంత మారిందో లెక్కల్లో రాయాలి. అందుకని ఏడాది మధ్యలో ముట్టుకోకుండా ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టాం. రేట్ల ఒడిదుడుకుల కారణాన్ని ఆడిటర్ గారి ఫైల్లో ఒక కాగితం మీద రాసి పెట్టాం.

దాంతో పాటు నెలకోసారి ఒక చిన్న లెక్క కూడా వేస్తున్నాం. కొట్టు నడవడానికి ఎప్పుడూ ఉండాల్సిన 200 టిన్నులు, వాటి మీద ఈ నెల రేటు ఎంత పెరిగిందో గుణించి, ఆ మొత్తాన్ని లాభంలోంచి తీసేస్తాం. మిగిలినదే ఆయన ఇంటి ఖర్చుకి. మొదటి నెల ఆ అంకె చూసి, "ఇంతేనా?" అన్నారు. రెండో నెల అడగలేదు, లోడుకి కట్టడానికి డబ్బు సరిపోయింది.